నెలసరి ఆగాక ఎల్‌డీఎల్ పెరిగితే ఏది మేలు: ఆగి చూడటమా, హార్మోనా, స్టాటినా?

ఇద్దరు ఆడవాళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం. ఇద్దరూ ఉదాహరణ కోసం అనుకున్నవాళ్లే. సరళకి 53 ఏళ్లు, యాభయ్యో ఏట నెలసరి దానంతటదే ఆగింది. పద్మకి 44. ముప్పై ఎనిమిదో ఏట గర్భసంచి ఆపరేషన్ చేసి, అండాశయాలు రెండూ తీసేశారు. ఇద్దరి రిపోర్టులోనూ అంకెలు ఒకటే: మొత్తం కొలెస్ట్రాల్ 233, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 58, ట్రైగ్లిజరైడ్లు 135. ట్రైగ్లిజరైడ్లను అయిదుతో భాగిస్తే 27. మొత్తంలోంచి ఆ 27, హెచ్‌డీఎల్ 58 తీసేస్తే చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 148. ఇద్దరికీ షుగర్ లేదు, బీపీ మామూలే, పొగ తాగరు. అయినా ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ముందు, అసలు ఎందుకు పెరిగిందో చూద్దాం. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా లాగేసేది కాలేయమే. దాని కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్నంతకాలం ఆ గ్రాహకాలు ఎక్కువగా తయారవుతాయి, వాటిని నాశనం చేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ తక్కువగా ఉంటుంది. ఈస్ట్రోజన్ పడిపోగానే గ్రాహకాలు తగ్గి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. తిండి ఏమీ మారకుండానే అంకె పెరగడానికి కారణం ఇదే. "నూనె ఎక్కువ వాడుతున్నట్టున్నారు" అని డాక్టర్ అంటే చాలామంది నొచ్చుకుంటారు, అందులో తప్పేం లేదు.

ఇది కేవలం వయసు వల్ల కాదని అమెరికాలో స్వాన్ అనే పెద్ద అధ్యయనం చూపించింది. ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ, 2009లో ప్రచురించిన ఫలితాల్లో, బీపీ, షుగర్ వంటివి వయసుతోపాటు మెల్లగా పెరిగితే, ఎల్‌డీఎల్ మాత్రం చివరి నెలసరికి అటూ ఇటూ ఉన్న ఏడాదిలో ఒక్కసారిగా ఎగబాకిందని తేలింది. ఆ ఏడాది ముందు, తర్వాత తీసిన రెండు రిపోర్టులు మీ దగ్గర ఉంటే తేడా కళ్లకు కనిపిస్తుంది. హెచ్‌డీఎల్ బాగుంది కదా అని ధీమా పడటం కూడా ఈ వయసులో పనికిరాదు. మెనోపాజ్ తర్వాత హెచ్‌డీఎల్ అంకె ఎక్కువ ఉన్నా, అది ముందులా కాపాడుతుందన్న భరోసా లేదు.

ఇక మార్గాలకి వద్దాం. వాటికన్నా ముందు ఒక చిన్న పని ఉంది: థైరాయిడ్ పరీక్ష, అంటే టీఎస్‌హెచ్. ఈ వయసు ఆడవాళ్లలో థైరాయిడ్ తగ్గడం మామూలు విషయం, అది కూడా ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. పైగా థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేస్తే ఒళ్లునొప్పులు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఆ నింద మందు మీద పడుతుంది. అది చూడకుండా 148ని మెనోపాజ్ ఖాతాలో వేయకూడదు.

మొదటి మార్గం, తిండి మార్చి మూడు నెలలు ఆగి చూడటం. నెయ్యి, వెన్న, పామాయిల్, బేకరీ సరుకు తగ్గించి, పప్పులు, ఓట్స్, బెండకాయ, పండ్లలాంటి కరిగే పీచున్నవి పెంచితే, నిజంగా పాటించినవాళ్లకు ఎల్‌డీఎల్ పది, పదిహేను శాతం తగ్గొచ్చు. 148 కాస్తా 130 దగ్గరకి వస్తుంది. అంటే మెనోపాజ్ పెంచినంత మేర వెనక్కి రావచ్చు. అంతకుమించి ఆశించకూడదు.

రెండోది హార్మోన్. ఈస్ట్రోజన్ తగ్గడం వల్ల పెరిగిన దాన్ని ఈస్ట్రోజనే తగ్గించాలి కదా అనిపిస్తుంది. తగ్గిస్తుంది కూడా, దాదాపు తిండి మార్పు తగ్గించినంత. కానీ ఎల్‌డీఎల్ తగ్గితే గుండె బాగుపడినట్టేనని అనుకుంటే ఇక్కడ దెబ్బ తింటాం. అప్పటికే గుండెజబ్బున్న 2,763 మందితో జరిగిన హెర్స్ ప్రయోగం ఫలితాలు 1998లో వచ్చాయి. హార్మోన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఎల్‌డీఎల్ తగ్గింది, హెచ్‌డీఎల్ పెరిగింది. అయినా గుండెపోట్లు మొత్తంమీద తగ్గలేదు, మొదటి ఏడాదిలో పెరిగాయి కూడా. 2002లో అమెరికాలోని డబ్ల్యూహెచ్‌ఐ అనే పెద్ద ప్రయోగంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు పెరగడమే కారణం. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అని, యాభైల్లో మొదలుపెట్టేవాళ్లకు ఆ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టకూడదని తర్వాత చాలా చర్చ జరిగింది. ఆ మాట న్యాయమైనదే. అయినా కొలెస్ట్రాల్ కోసమే హార్మోన్ రాయడాన్ని ఏ ప్రధాన మార్గదర్శకమూ సమర్థించదు. వేడి ఆవిర్లతో నిద్ర లేక నరకం చూస్తున్నవాళ్లకు అది మంచి మందు. అలా వాడినప్పుడు ఎల్‌డీఎల్ తగ్గితే కలిసొచ్చినట్టే.

మూడోది స్టాటిన్. అటోర్వాస్టాటిన్ పది మిల్లీగ్రాములతో ఎల్‌డీఎల్ ముప్పై అయిదు శాతం పైనే తగ్గుతుంది. 148 దాదాపు 95కి వస్తుంది. "ఇవి మగవాళ్ల మీద పరీక్షించిన మందులు, ఆడవాళ్లకు పనిచేయవు" అనే మాట చాలాకాలం తిరిగింది. మొదటి ప్రయోగాల్లో ఆడవాళ్లు తక్కువ మందే ఉన్న మాట నిజం. 2015లో, 27 ప్రయోగాల్లోని లక్షా డెబ్బై వేల మందికి పైగా వివరాలను కలిపి విశ్లేషిస్తే, ముప్పు ఒకే స్థాయిలో ఉన్నప్పుడు ఆడా మగా ఇద్దరికీ లాభం దాదాపు సమానమని తేలింది. ఎల్‌డీఎల్ 39 తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు అయిదో వంతు తగ్గుతాయి.

అయిదో వంతు అంటే దేనిలో అయిదో వంతు? సరళ విషయంలో తేలాల్సింది అదే. ఆమె వివరాలు డాక్టర్లు వాడే గుండె ముప్పు కాలిక్యులేటర్‌లో వేస్తే పదేళ్లలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం అయిదు శాతం లోపే ఉంటుంది. మూడు శాతం అనుకుందాం. అలాంటి నూరుమందిలో ముగ్గురికి రావాల్సింది, స్టాటిన్ వాడితే ఎల్‌డీఎల్ 39 కన్నా ఎక్కువే తగ్గుతుంది కాబట్టి దాదాపు ఇద్దరికి వస్తుందన్నమాట. నూరుమంది పదేళ్లు వేసుకుంటే దాదాపు ఒకరు తప్పించుకుంటారు. ఆ ఒక్కరి కోసం రోజూ మాత్ర వేసుకోవడం కొందరికి సమ్మతం, కొందరికి కాదు. రెండూ తెలివైన నిర్ణయాలే. నా ఓటు మాత్రం సరళ విషయంలో తిండి మార్చి ఆగి చూడటానికే. మనసు ఊగిసలాడుతుంటే గుండె కాల్షియం స్కాన్ తేలుస్తుంది. గుండె రక్తనాళాల్లో సున్నం ఎంత పట్టిందో చూపే, సూది, డై లేని చిన్న సీటీ స్కాన్ అది. స్కోరు సున్నా వస్తే మరికొన్నేళ్లు మాత్ర లేకుండా ధైర్యంగా ఉండొచ్చు. ఒకటి వచ్చినా ఈ వయసు ఆడదానికి అది లెక్కలోకి తీసుకోవాల్సిందే, నూరు దాటితే స్టాటిన్ మొదలుపెట్టాలి.

పద్మ లెక్క వేరు. విచిత్రం ఏమిటంటే, అదే కాలిక్యులేటర్‌లో పెడితే ఆమెకి సరళ కన్నా తక్కువ ముప్పు చూపిస్తుంది, వయసు తక్కువ కాబట్టి. నెలసరి ఎప్పుడు ఆగింది అని అది అడగదు. 2018 నాటి అమెరికా మార్గదర్శకాలు మాత్రం నలభై లోపు మెనోపాజ్‌ని ముప్పు పెంచే అంశంగా పేర్కొన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా కూడా ఆ జాబితాలో ఉంది, దక్షిణాసియా మూలాలు కూడా. పద్మకి మొదటిదీ చివరిదీ ఉన్నాయి. పురుళ్ల సంగతి అడిగితే మధ్యలోదీ తేలొచ్చు, కానీ కొలెస్ట్రాల్ చూసే డాక్టర్ ఇరవై ఏళ్ల కిందటి పురుడు గురించి అడగడం అరుదు. మీరే చెప్పాలి.

మన రాష్ట్రాల్లో ఇది గట్టిగా చెప్పుకోవాల్సిన మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. అండాశయాలు కూడా తీశారా అని అడిగితే చాలామందికి తెలియదు. గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది గానీ ఈస్ట్రోజన్ వస్తూనే ఉంటుంది, కాకపోతే అండాశయాలు మామూలుకన్నా కొంచెం ముందే అలిసిపోవచ్చు. రెండు అండాశయాలూ తీస్తే మాత్రం ఈస్ట్రోజన్ ఒక్కరోజులో పడిపోతుంది. డిశ్చార్జి కాగితంలో "బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ" అని ఉంటే రెండూ పోయినట్టు. కాగితం పోతే అల్ట్రాసౌండ్‌తో, అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్షతో చాలావరకు తెలుసుకోవచ్చు.

సరళకి వద్దన్న హార్మోన్ పద్మకి మొదటి మందు అవుతుంది. కొలెస్ట్రాల్ కోసం కాదు, ఆమె వయసుకి ఉండాల్సిన ఈస్ట్రోజన్ లేదు కాబట్టి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డల చరిత్ర వంటి అడ్డంకులు లేకపోతే, మామూలుగా నెలసరి ఆగే యాభై దాకా ఇవ్వడమే ఇప్పటి పద్ధతి. ఎముకలకీ అది అవసరం. గర్భసంచి లేదు గనుక, దాని లోపలి పొరను కాపాడటానికి ఇచ్చే ప్రొజెస్టిన్ కలపక్కర్లేదు. మాత్ర కన్నా చర్మానికి రాసే జెల్ మేలనుకుంటాను, ఎందుకంటే మింగే ఈస్ట్రోజన్ ట్రైగ్లిజరైడ్లను, గడ్డల ముప్పును పెంచుతుంది. చర్మం ద్వారా ఎల్‌డీఎల్ తగ్గడం కాస్త తక్కువే, కానీ మనం దానికోసం ఇవ్వడం లేదు కదా.

మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష. ఎల్‌డీఎల్ ఇంకా 130 పైనే ఉంటే పద్మ విషయంలో స్టాటిన్ వైపే మొగ్గుతాను. ఈలోగా, వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొవ్వు రేణువును కొలిచే లైపోప్రొటీన్(ఎ) పరీక్ష ఒకసారి చేయిస్తే చాలు, జీవితంలో పెద్దగా మారదు. అది 50 మిల్లీగ్రాములు దాటితే సందేహం పక్కన పెట్టి స్టాటిన్ మొదలుపెట్టొచ్చు. కాల్షియం స్కాన్ సున్నా వచ్చిందని మాత్రం ఆమె నిశ్చింతగా ఉండకూడదు. నలభై నాలుగేళ్ల ఆడవాళ్లలో రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటున్నా అది ఇంకా గట్టిపడి సున్నం పట్టి ఉండకపోవచ్చు. సరళకి ధైర్యమిచ్చిన సున్నా పద్మకి అంత ధైర్యం ఇవ్వదు.

నలభై దాటి షుగర్ ఉన్నవాళ్లకు, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లకు, స్టెంటు పడినవాళ్లకు ఈ తర్జనభర్జన ఏమీ లేదు, స్టాటిన్ వేసుకోవాల్సిందే. ఆడవాళ్లు కదా అని డోసు తగ్గించి రాయడం ఇక్కడ జరిగే పొరపాటు.

స్టాటిన్ మొదలుపెట్టాక భయపెట్టేవి రెండు. కండరాల నొప్పి నిజంగా వస్తుంది, ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. అయితే నొప్పుల వంటి ఇబ్బందుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర మార్చి మార్చి ఇచ్చిన శామ్సన్ ప్రయోగంలో, బాధలో దాదాపు తొంభై శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. అందుకని నొప్పి రాగానే మానేయకుండా, కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీకే పరీక్ష చేయించి, డాక్టర్‌తో మాట్లాడి కొన్ని వారాలు ఆపి, తక్కువ డోసుతో గానీ వేరే స్టాటిన్‌తో గానీ మళ్లీ మొదలుపెట్టి చూడాలి. మూత్రం కాఫీ రంగులోకి మారితే మాత్రం అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది షుగర్. అప్పటికే అంచున ఉన్నవాళ్లకు కొంచెం ముందుగా బయటపడొచ్చు, అందుకే మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ చూసుకోవాలి.

యాభై దాటాక పద్మ హార్మోన్ ఆపితే ఎల్‌డీఎల్ మరోసారి పైకి లేస్తుంది. ఆపిన మూడు నెలలకి మళ్లీ రక్తపరీక్ష చేయించుకోమని ఆ చీటీ మీదే రాయించుకుంటే మంచిది.