ఇన్వర్టర్ యాప్‌లో నాకు పనికొచ్చింది ఒక్క గీతే

అనంతపురంలో మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి రెండేళ్లు దాటింది. దానితో వచ్చిన యాప్ గురించి చెప్పాలంటే, పవర్ గ్రాఫ్ మీదే ఏసీ వోల్టేజీ గీతను కూడా వేసి చూసుకునే సౌకర్యం ఒక్కటి చాలు, మిగతావి లేకపోయినా నాకు నష్టం లేదు.

మొన్న మార్చిలో రోజుకు పదిన్నర యూనిట్లు దాటడం లేదు. మా వైపు మార్చిలో మబ్బు లేని రోజు ఎండ సుమారు ఆరున్నర గంటల పూర్తి ఎండతో సమానం. వేడికీ, వైరుకీ, దుమ్ముకీ పాతిక శాతం తీసేసినా 3 × 6.5 × 0.75, అంటే పద్నాలుగున్నర రావాలి. నాలుగు యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి?

పెట్టించిన కుర్రాడికి ఫోన్ చేస్తే, "దుమ్ము పట్టింటాది అన్నా, కడిగించండి" అన్నాడు. కడిగించాను. మార్పు లేదు. అప్పుడు గ్రాఫ్ తెరిచి చూశాను. దుమ్మయితే గుట్ట మొత్తం ఒకే తీరున కిందికి దిగాలి. నీడయితే రోజూ దాదాపు ఒకే వేళకు సొట్ట పడాలి. మాదేమో పదకొండు నుంచి రెండు దాకా రంపం పళ్లలా ఉంది: నిటారుగా సున్నాకు పడటం, మెల్లగా లేవడం. తొమ్మిది పళ్లు లెక్కపెట్టాను, ఒక్కోదానికి పది నిమిషాలు పోయాయి. గంటన్నర పాటు రెండున్నర కిలోవాట్ల పైచిలుకు పోయిందంటే ఆ నాలుగు యూనిట్ల లెక్క తేలినట్టే.

వోల్టేజీ గీత వేస్తే, ప్రతి పన్ను ముందూ అది 260 దాటుతోంది. మా ఇన్వర్టర్ సెట్టింగ్ ప్రకారం అక్కడ ఆగిపోవాలి. ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో కొలిస్తే మీటర్ దగ్గర 255, డాబా మీద ఇన్వర్టర్ దగ్గర 261. నలభై మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగారు! కరెంటు మన దగ్గర్నుంచి లైనుకు వెళ్తుంది కాబట్టి, సన్న వైరులో వోల్టేజీ ఇన్వర్టర్ వైపు ఎగదన్నుతుంది. 6 స్క్వేర్ ఎంఎం వేయిస్తే ఆ తేడా ఆరు నుంచి రెండు మూడు వోల్టులకు తగ్గింది. యూనిట్లు పద్నాలుగు దగ్గరికొచ్చాయి.

యాప్‌ను అంతగా పొగడలేను కూడా. ఇన్నాళ్లూ హోం పేజీలో పచ్చ చుక్క పెట్టి "నార్మల్" అనే చూపించింది. అలారం లిస్టు ఎక్కడో లోపల ఉంది. ఐదు నిమిషాలకోసారి రీడింగ్ కాబట్టి చిన్న ట్రిప్పులు చూపించకుండానే పోవచ్చు. మా ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉంది, వోల్టేజీ సమస్య మాకెక్కువ. మీకు చెట్టు నీడ గొడవైతే ఈ గీత ఏమీ చెప్పదు.

షాపులన్నీ మూసే ఆదివారం లైన్లో వాడకం తగ్గి వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి, ఆ రోజు ఇప్పటికీ ఒకటో రెండో పళ్లు కనిపిస్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజీ తగ్గిస్తామని లైన్‌మన్ అన్నాడు, ఇంకా రాలేదు.