‘ఛాతీ 42’ అంటే ఎవరి ఛాతీ? నాలుగేళ్లు వాడిన సైజుల పట్టిక గురించి

మా బీరువా తలుపు లోపలి వైపు నాలుగేళ్లుగా ఒక కాగితం అంటించి ఉంది. ఎమ్, ఎల్, ఎక్స్‌ఎల్ అనే అక్షరాలకు ఎదురుగా అంగుళాలు, సెంటీమీటర్లు, అమెరికా అంకె, యూరప్ అంకె వరుసగా ఉండే మామూలు సైజుల పట్టిక అది. ఆన్‌లైన్‌లో బట్టలు కొనేవారందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసినదే కనుక దానిని వర్ణించను. ఇందులోని ఒకే ఒక్క గడి మీద నాకు తీరని కోపం ఉంది. ఆ గడి పేరు ‘ఛాతీ’. అక్కడ వేసిన అంకె మనిషి ఛాతీదా, చొక్కా ఛాతీదా అన్నది పట్టికలో ఎక్కడా రాయలేదు.

ఆ తేడా ఎంతటిదో నాన్నగారి షష్టిపూర్తికి ముందు రోజు వరకు నాకు తెలియలేదు. సాయంత్రం బంధువుల విందులో వేసుకోవడానికి ఆయనకు ఒక పట్టు కుర్తా తెప్పించాను. తొందరపడి కొన్నది కాదు. చంకల కింద నుంచి టేపు చుట్టి, వీపు మీద జారకుండా చూసుకుని, ఆయన ఛాతీ కొలిస్తే సరిగ్గా 42 అంగుళాలు వచ్చింది. మా పట్టికలో 42కు ఎదురుగా ఎల్ అని ఉంది. అమ్మేవారి పేజీలో కూడా ఎల్ పక్కన ఛాతీ 42 అనే ఉంది. రెండూ కలిశాయి కదా అని నిశ్చింతగా ఎల్ పంపించమన్నాను. కుర్తా వచ్చిన రోజున తల, చేతులు దూరాయి గాని, చంకల దగ్గరకు వచ్చేసరికి గుడ్డ బిగిసి ఆగిపోయింది. నాన్నగారు ఊపిరి బిగబట్టి, “నేనేమైనా లావయ్యానా అమ్మా?” అని అడిగారు.

కుర్తాను మంచం మీద పరచి, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు వరకు కొలిచాను. 21 అంగుళాలు ఉంది. ముందూ వెనకా కలిపితే 42. అంటే అమ్మేవారు అబద్ధం రాయలేదు. వాళ్లు కుర్తా చుట్టుకొలత రాశారు, నేను మనిషి చుట్టుకొలతతో దానిని పోల్చాను. దర్జీలు ‘లూజు’ అనే దానికి, అంటే ఊపిరి పీల్చడానికీ చేతులు ఎత్తడానికీ వదిలే అదనపు గుడ్డకు, ఆ కుర్తాలో ఒక్క దారం చోటు కూడా లేదు. సాగే బనియన్ గుడ్డ అయితే ఎలాగో సర్దుకునేది, నేసిన పట్టు సాగదు. వీధి చివర దర్జీ దగ్గరకు పరుగెత్తితే ఆయన పక్క కుట్టు తిరగేసి చూసి, “లోపల అర అంగుళం గుడ్డ కూడా వదల్లేదమ్మా, విప్పితే మిగిలేది చిల్లులే” అన్నారు. కుట్టించుకున్న చొక్కాలో దర్జీ లోపల మడిచి ఉంచే గుడ్డ తయారు బట్టల్లో ఉండదని అప్పుడే గుర్తుకు వచ్చింది. ఆ సాయంత్రం నాన్నగారు పాత కుర్తాతోనే కూర్చున్నారు.

మార్పిడికి పంపే ముందు నేను మొదటే చేయవలసిన పని చేశాను. ఆయనకు బాగా కుదిరిన పాత చొక్కాను, మన భాషలో ఆది చొక్కాను, అలాగే పరచి కొలిస్తే చంకకూ చంకకూ మధ్య 23 అంగుళాలు వచ్చింది. అంటే చుట్టూ 46. ఆయన ఒంటికీ ఆయనకు నచ్చే బట్టకూ మధ్య తేడా నాలుగు అంగుళాలన్న మాట. అదే విక్రేత లెక్కలో 46 ఉన్నది డబుల్ ఎక్స్‌ఎల్. జీవితమంతా ఎల్ వేసుకున్న మనిషి ఆ పేరు విని కొంచెం చిన్నబుచ్చుకున్నారు గాని, తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన ఆ కుర్తా ఛాతీ దగ్గర చక్కగా కుదిరింది.

అప్పటి నుంచి ఏ పేజీలోని అంకె ఎవరిదో పసిగట్టడానికి కొన్ని ఆనవాళ్లు చూస్తున్నాను. ‘40–42’ అని రెండు అంకెల మధ్య ఇస్తే అది మనిషి కొలతే అయి ఉంటుంది, ఎందుకంటే కుట్టిన బట్టకు ఒక సైజుకు ఒకే కొలత ఉంటుంది. పెద్దవారి చొక్కాకు 21, 22 వంటి చిన్న అంకె కనిపిస్తే అది బట్టను పరచి తీసిన సగం కొలత. బొమ్మలో టేపు మనిషి చుట్టూ ఉందా, చొక్కా గీత మీద ఉందా అన్నది కూడా కొంత చెబుతుంది. ఇవేవీ లేకుండా విడిగా 42 అని ఉంటే అడిగి తెలుసుకుంటాను, జవాబు రాకపోతే కొనను.

ఇదే పట్టికను మొదటి రెండేళ్లు నేను ఇంటింటా పొగిడాను. మ్యూనిక్‌లో ఉన్న తమ్ముడికి అక్కడి కోటు సైజు చెప్పవలసి వచ్చినప్పుడు, అంగుళాల అంకెకు పది కలపమన్న ఈ పట్టిక సూత్రం అచ్చంగా కుదరడమే అందుకు కారణం. వాడి ఛాతీ 40, కోటు 50. ఆ పొగడ్తలో కొంత వెనక్కి తీసుకోవాలి. ఐరోపాలో మగవారి కోటు అంకె సుమారుగా ఛాతీ సెంటీమీటర్లలో సగం. 40 అంగుళాలంటే 101.6 సెంటీమీటర్లు, సగం 50.8, కాబట్టి పది కలిపిన లెక్క దగ్గరగా వస్తుంది. ఛాతీ 46 ఉన్న మా బావగారికి అదే సూత్రంతో 56 చెప్పాను. అసలు సగం 58.4. కోటు గుండీ పడలేదు. తేడా సైజు పెరిగే కొద్దీ పెరుగుతుందన్న హెచ్చరిక పట్టికలో లేదు.

ఒక సంతోషకరమైన సంగతి మాత్రం దీనివల్లే బయటపడింది. మా వారి ఆఫీసు చొక్కాల మీద ఉండే 39, 40, 42 అంకెలు ఛాతీ అంగుళాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఛాతీ వరుసలో అన్నీ సరి అంకెలే ఉండగా 39 ఎక్కడిదని పట్టికతో పోల్చి చూస్తూ, కాలరును విప్పి గుండీ నుంచి కాజా వరకు కొలిస్తే 40 చొక్కాకు 40 సెంటీమీటర్లు వచ్చింది. మన దగ్గర చాలా ఫార్మల్ చొక్కాలకు అది మెడ కొలత. ఛాతీ అంగుళాలకు అది దగ్గరగా ఉండడం కాకతాళీయం, అందుకే ఇన్నేళ్లూ పొరపాటు బయటపడలేదు.

ఇప్పుడు ఆ కాగితం మీద ‘ఛాతీ’ అన్న మాట పక్కన పెన్సిలుతో రెండు నిలువు గీతలు గీసి, ఒకదానిపై ‘మనిషి’ అని, రెండోదానిపై ‘గుడ్డ’ అని రాసుకున్నాను. మగవారి చొక్కాలకు, కుర్తాలకు నాలుగు అంగుళాలు, నా కుర్తీలకు రెండు, బనియన్ గుడ్డ టీషర్టులకు ఒకటి లేదా అసలేమీ లేకుండా తేడా వేసుకుంటున్నాను. ఇవి మా ఇంట్లో కుదిరిన లెక్కలు, ఒళ్లు పట్టేలా వేసుకునేవారికి కుదరవు. నాన్నగారికి పొట్ట ఛాతీ కన్నా ఒక అంగుళం ఎక్కువ కాబట్టి, నడుము దగ్గర సన్నబడే కోత విషయంలో ఛాతీ గడి ఎంత సరిగ్గా ఉన్నా నాకు పనికిరాదు. తిన్నని కోతతో కుట్టిన బట్టలకు, ఆది చొక్కా ఎదుట ఉన్నంత వరకు, ఈ పట్టికను తీసేయాలని అనుకోవడం లేదు. అమ్మ జాకెట్ల దగ్గర మాత్రం దానివైపు చూడను. ఆది జాకెట్టు సంచిలో వేసుకుని ఆ వీధి చివర దర్జీ దగ్గరికే వెళ్తున్నాను.