దెబ్బ తగిలిన చన్ను: పితకాలా, గొట్టం పెట్టాలా, వదిలేయాలా?

ఆవు చన్ను తెగిందనో, పక్కనున్న పశువు తొక్కిందనో తెలియగానే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన ఒకటే: లోపలి పాలు ఎలాగైనా బయటకు తీసేయాలి, లేకపోతే పొదుగువాపు వస్తుంది. ఆ భయంలో సగమే నిజం. పొదుగువాపు వచ్చేది పాలు నిలిచినందుకు కాదు, లోపలికి సూక్ష్మక్రిములు చేరినందుకు. గాయపడిన చన్నును బలవంతంగా లాగడం, లోపలికి గొట్టం దూర్చడం వాటికి దారి తెరిచే పనులే. అందుకే పితకడం, గొట్టంతో తీయడం, ఆ చన్ను పైనున్న పొదుగు గదిని పితకకుండా కొన్నాళ్లు వదిలేయడం అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. గాయాన్ని బట్టి వీటిలో ఏది మేలో మారుతుంది.

ముందు గాయాన్ని చూడాలి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నుంచి పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకోవాలి. ఆగిందేమోనని మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డకట్టిన నెత్తురు మళ్లీ ఊడిపోతుంది. తర్వాత ఉప్పు నీటితో కడగాలి: కాచి చల్లార్చిన లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. ఆపైన లేత గోధుమ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి పలుచన చేసిన పోవిడోన్ అయోడిన్‌తో తుడవాలి. పొడులు, నూనెలు, స్పిరిట్ గాయం లోపల వేయవద్దు. కుట్లు వేయాల్సిన గాయంలో పొడి ఇరుక్కుంటే ముందు దాన్ని తీసి శుభ్రం చేయడమే పశువైద్యుడికి పెద్ద పని అవుతుంది. ఈగలు రాకుండా వాడే మందు గాయం చుట్టూ రాయాలి గాని గాయంలో కాదు. చన్ను చుట్టూ ప్లాస్టర్ బిగించి చుట్టవద్దు. వాపు పెరిగేకొద్దీ ఆ చుట్టే ఉరిగా మారి కింది భాగానికి రక్తం అందదు.

ఇప్పుడు అసలు పరీక్ష. చన్ను పైభాగాన్ని మెల్లగా నొక్కి, గాయంలోంచి పాలు వస్తున్నాయేమో చూడండి. ఒక్క చుక్క వచ్చినా గాయం లోపలి పాల గూటిదాకా వెళ్లిందని అర్థం. అలాంటి గాయానికి ఇంట్లో చేసే వైద్యం లేదు. వీలైనంత త్వరగా, అదీ 12 గంటల లోపే, పొరలు పొరలుగా కుట్లు పడాలి. ఆలస్యమైతే వాచిన కండ కుట్టును పట్టుకోదు, ఆ రంధ్రం అలాగే నిలిచిపోయి ప్రతి పూటా పాలు పక్కనుంచి కారుతూనే ఉంటాయి. నిలువుగా చీలిన గాయం అడ్డంగా తెగినదానికంటే బాగా మానుతుంది. చన్నులో రక్తనాళాలు పైనుంచి కిందికి సాగుతాయి కాబట్టి అడ్డకోత వాటిని ఎక్కువగా తెంచుతుంది.

పాలు రాని గాయం అయితే మూడు దారుల్లో ఏదో ఎంచుకోవచ్చు.

చర్మం మాత్రమే గీసుకుపోయి, గాయం పట్టుకునే చోటుకు దూరంగా ఉంటే పితకడమే మేలు. అయితే పూర్తి పిడికిలితో పితకాలి. బొటనవేలు మడిచి, కణుపుతో చన్నును నొక్కి లాగే అలవాటు ఆరోగ్యంగా ఉన్న చన్నుకే చేటు, గాయపడినదానికి మరీను. ఆ చన్నును అన్నిటికంటే చివర పితికి, చేతులు కడుక్కుని, చన్ను కొనను క్రిములను చంపే మందులో ముంచాలి. దూడను దాని దగ్గరికి రానీయవద్దు. దూడ నాలుక, పళ్లు మానుతున్న గాయాన్ని రోజూ కొత్తగా రేపుతాయి. కొందరికి వింతగా అనిపించే సంగతి ఒకటుంది: చన్ను మధ్యలో గాయం ఉన్నా, కుట్లు వేసి ఉన్నా చేతికంటే యంత్రమే మృదువు. చెయ్యి గాయాన్ని నేరుగా నలుపుతుంది, యంత్రం అలా ఒకే చోట నలపదు.

గొట్టం చూడటానికి అన్నిటికంటే సులువైన దారి. ఆవు తన్నదు, పాలు వాటంతటవే కారిపోతాయి. నా దృష్టిలో మూడింటిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. చన్ను కొనలో పాలు వచ్చే సన్నని దారి పొడవు సుమారు ఒక సెంటీమీటరు. దాని లోపలి పూత క్రిములను పట్టి ఆపుతుంది. గొట్టం ఆ పూతను గీసుకుంటూ వెళ్లి, కొన దగ్గరున్న క్రిములను నేరుగా పాల గూటిలో దింపుతుంది. ఇక గొట్టం దొరకలేదని ఈనె, తీగ లాంటివి దూర్చేవారు చన్నును దాదాపు పోగొట్టుకున్నట్టే. గొట్టం తప్పనిసరయ్యే సందర్భాలూ ఉన్నాయి. గది లోపల అప్పటికే పొదుగువాపు ఉండి, చన్ను కొన వాచి మూసుకుపోయి ఉంటే పాలు తీయక తప్పదు. కుట్లు వేసిన చన్నును లాగకుండా పాలు తీయాల్సి వచ్చినా అంతే. అప్పుడు కూడా ఒక్కసారికే వాడి పారేసే శుద్ధమైన ప్లాస్టిక్ గొట్టం వాడాలి, చన్ను కొనను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి, పశువైద్యుడు చెప్పినన్ని రోజులే చేయాలి. లోపలే వదిలేసిన గొట్టం క్రిములకు తెరిచిపెట్టిన తలుపు.

మూడోది వదిలేయడం. దీన్ని నమ్మేవాళ్లు తక్కువ, కాని చన్ను కొన నలిగినప్పుడు దీనికి సాటి లేదు. పొదుగులో నాలుగు గదులుంటాయి, ఒకదానినుంచి ఇంకోదానికి లోపల దారి లేదు. కాబట్టి మూడింటిని మామూలుగా పితుకుతూ ఒకదాన్ని ఆపవచ్చు. ఆ గది నిండుతుంది, రెండు మూడు రోజులు బిగుసుకుంటుంది. ఆ ఒత్తిడే పాల ఉత్పత్తిని తగ్గిస్తుంది, తర్వాత మెత్తబడుతుంది. బాగా బిగిసింది కదా అని మధ్యలో ‘కొంచెం’ పితికితే ఈ పద్ధతి మొత్తం చెడుతుంది: ఒత్తిడి పోయి పాలు మళ్లీ ఊరతాయి, మానుతున్న కొన మళ్లీ నలుగుతుంది. అయితే దీనికి ఒక షరతు ఉంది. వదిలేసే ముందు ఆ గది పాలు శుభ్రంగా ఉండాలి. నల్లటి గిన్నెలో తీసిన మొదటి ధారల్లో తునకలు, నీళ్లలాంటి పాలు ఉంటే, గది వేడిగా ఉంటే వదిలేయడం ప్రమాదం. చీము నిండిన గదిని మూసి పెట్టకూడదు.

ఒక ఆవు సంగతి చూద్దాం. మూడో ఈత, ఈని నలభై రోజులు, రోజుకు 14 లీటర్లు. రాత్రి పక్క ఆవు తొక్కడంతో కుడివైపు వెనక చన్ను కొన నలిగి నల్లబడింది. చీలిక లేదు, పక్కనుంచి పాలు రావడం లేదు. పితికితే దారం లాంటి సన్నని ధార, ప్రతి లాగుకూ తన్ను. ఇంట్లోవాళ్లు గొట్టం తెచ్చి సిద్ధంగా పెట్టారు. పశువైద్యుడు ముందు గిన్నెలో నాలుగు ధారలు తీసి చూశారు. తునకలు లేవు, పొదుగువాపు పరీక్ష ద్రావణంలో చిక్కబడలేదు. చన్నుకు ఆ రోజంతా కొద్దిసేపు చొప్పున చల్లని నీటి గుడ్డ పట్టించి, కొనను పోవిడోన్ అయోడిన్‌లో ముంచి, ఇక దాన్ని ముట్టుకోవద్దన్నారు.

రెండు, మూడు రోజుల్లో గది బిగుసుకుంది. ఇంటివాళ్ల ఓపికకు పరీక్ష అదే. రోజూ చేసింది చెయ్యి పెట్టి చూడటం, జ్వరం చూడటం. గది పక్కవాటికంటే వేడిగా లేదు, ఆవు మేత మానలేదు. జ్వరం 39.5 డిగ్రీల సెల్సియస్, అంటే 103 ఫారెన్‌హీట్ దాటినా, గది ఎర్రబడి కాలినా, మేత మానినా ఆ క్షణమే నిర్ణయం తిరగబడేది: పాలు తీసేయాలి, వైద్యుణ్ణి పిలవాలి. అలా జరగలేదు. ఐదో రోజుకు గది మెత్తబడింది. తొమ్మిదో రోజు వాపు పూర్తిగా దిగాక మెల్లగా పితికి చూస్తే ధార లావుగా, సూటిగా వచ్చింది. తొలి పూటల పాలు పారబోశారు. ఆ రోజుల్లో 11 లీటర్లకు పడిన పాలు తర్వాత 13 దాకా తేరుకున్నాయి. ఆ ఒక్క లీటరు తేడా విశ్రాంతికి చెల్లించిన మూల్యం. గొట్టంతో పొదుగువాపు తెచ్చుకుని ఉంటే ఆ గదే పోయేది, మందు వాడినన్నాళ్లు నాలుగు గదుల పాలూ పారబోయాల్సి వచ్చేది. ఒక గదిలో వేసిన మందు రక్తం ద్వారా మిగతావాటికీ చేరుతుంది.

ఇలా వదిలేసిన గదిలో వారం, పది రోజుల లోపు మళ్లీ పితకడం మొదలుపెడితే పాలు చాలావరకు తిరిగి వస్తాయి. మూడు నాలుగు వారాలు దాటితే ఈ ఈతకు ఆ గది వట్టిపోయినట్టే. లోపల జబ్బు లేకపోతే వచ్చే ఈతకు మళ్లీ పాలిస్తుంది. కొన ఇంకా మానకపోయినా భయపడి తొందరగా పితకడం కంటే ఈతంతా వదులుకోవడమే కొన్నిసార్లు లాభం.

శాశ్వతంగా ఆపేయాల్సినది వేరు. పాలు పరీక్ష చేయించి సరైన మందు వాడినా అదే గదికి పొదుగువాపు తిరిగి తిరిగి వస్తుంటే, గది అంతా గట్టి గడ్డలు కట్టి ఉంటే, వేళ్ల మధ్య చన్నును దొర్లించినప్పుడు లోపల గట్టి తాడు లాంటిది తగిలితే ఆ గదిని పట్టుకుని వేలాడటం వృథా. అంతకంటే చెడ్డది, పితికే చేతుల ద్వారా అదే జబ్బు మిగతా మూడు గదులకు, పక్క ఆవులకు పాకుతుంది. ఆపడంలోనూ రెండు దారులున్నాయి. ఒకటి పితకడం మానేసి సహజంగా ఎండనివ్వడం. ఇంకోటి పశువైద్యుడు లోపలికి మందు ఎక్కించి కణజాలాన్ని పూర్తిగా నిర్జీవం చేయడం. మొదటిదానితో పని జరిగితే రెండోది అవసరం లేదు, ఎందుకంటే రెండోదానికి వెనక్కి తిరిగే దారి లేదు. జ్వరంతో, వేడితో ఉన్న గదికి మాత్రం రెండూ పనికిరావు, ముందు ఆ జబ్బును అణచాలి. రబ్బరు బిగించి చన్నును చంపాలనుకోవడం మాత్రం పద్ధతి కాదు, హింస. ఒక గది పోయినంత మాత్రాన పాలు సరిగ్గా పావు వంతు తగ్గవు, మిగతావి కొంత భర్తీ చేస్తాయి. వెనక గదులు ముందువాటికంటే ఎక్కువ పాలిస్తాయి కాబట్టి వెనకది పోతే లోటు ఎక్కువ.

ఇక తొలి ఈతలోనే గుడ్డి చన్ను కనిపిస్తే చేతితోనే కొంత తేల్చుకోవచ్చు. పొదుగు నిండుగా ఉంది, చన్ను కూడా పాలతో ఉబ్బింది, నొక్కితే మాత్రం రావడం లేదంటే అడ్డు కొన దగ్గరుంది. అలాంటిదాన్ని పశువైద్యుడు తెరవగలిగే అవకాశం బాగానే ఉంటుంది. పొదుగు నిండుగా ఉండి చన్ను మాత్రం చప్పగా ఒదిగిపోయి ఉంటే అడ్డు పైన, చన్ను పొదుగుతో కలిసే చోట ఉంది. దాన్ని తెరిచినా మళ్లీ మూసుకుపోవడమే ఎక్కువ. గొట్టాలతో పొడిచి జబ్బు తెచ్చుకునే కంటే ఆ గదిని ముట్టకుండా ఎండనిచ్చి, మిగతా మూడింటినీ చక్కగా పితుక్కోవడం మేలు.