టార్గెట్ సీపీఏ: ఒకేసారి కోసేయాలా, మెల్లగా తగ్గించాలా?

అనంతపురంలో రూఫ్‌టాప్ సోలార్ డీలర్ ఒకాయన గూగుల్ యాడ్స్ నడుపుతున్నాడనుకుందాం. టార్గెట్ సీపీఏ, అంటే ఒక్కో ఎంక్వైరీకి సగటున ఇంతే పెట్టమని గూగుల్‌కు చెప్పే మొత్తం, ₹400. రోజుకు ₹2,000 ఖర్చు, 5 ఎంక్వైరీలు. ఖర్చు ఎక్కువైపోతోందని టార్గెట్‌ను ₹250 చేయాలంటాడు. ఒక దెబ్బకే తగ్గించేద్దామా, ముందు ₹350 పెట్టి చూద్దామా?

సోమవారం ఒకేసారి ₹250 చేశాడనుకోండి. స్టేటస్‌లో `Learning` పడుతుంది, అంటే సిస్టమ్ కొత్త టార్గెట్‌కు సర్దుకోవడం నేర్చుకుంటోందని. గురువారం పొద్దున చూస్తే బుధవారం లెక్క ₹900 ఖర్చు, ఒక్క ఎంక్వైరీ. అంటే సీపీఏ ₹900! ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలై టార్గెట్‌ను మళ్ళీ ₹400కి లాగేస్తారు, దాంతో నేర్చుకోవడం మళ్ళీ కొత్తగా మొదలయ్యే పరిస్థితి వస్తుంది. నిజానికి బుధవారం క్లిక్ చేసిన వాళ్ళలో ఇద్దరు ఇంట్లో మాట్లాడుకుని శనివారం ఫారం నింపుతారు. `Conversions` కాలమ్ ఆ ఎంక్వైరీలను ఫారం నింపిన రోజుకు కాదు, క్లిక్ పడిన రోజుకే కలుపుతుంది. వారం తర్వాత అదే బుధవారం తెరిస్తే ₹900కి 3 ఎంక్వైరీలు, సీపీఏ ₹300.

కాబట్టి ఏ దారిలో వెళ్ళినా ముందు `Segment`లో `Days to conversion` తెరిచి మీ జనం ఎన్ని రోజులకు ఫారం నింపుతున్నారో చూడండి. ఎక్కువమంది 4 రోజుల లోపు నింపుతుంటే చివరి 4 రోజులు లెక్కలోంచి తీసేయండి, నేర్చుకునే రోజులు కూడా. కొత్త టార్గెట్‌కు సర్దుకోవడానికి సుమారు 50 కన్వర్షన్లు, అంటే మన లెక్కలో ఎంక్వైరీలు, లేదా మూడు కన్వర్షన్ సైకిళ్ళ దాకా పట్టొచ్చని గూగులే చెబుతుంది. క్లిక్ నుంచి ఫారం నింపేదాకా పట్టే సమయమే ఒక సైకిల్. రోజుకు 5 వచ్చేచోట 50 రావాలంటే పది రోజులు, ఆ 4 రోజుల ఆలస్యంతో మూడు సైకిళ్ళంటే పన్నెండు. టార్గెట్ తగ్గించాక వచ్చేవే తగ్గితే ఇంకా ఎక్కువ.

సరే, ₹300 వచ్చింది కదా, ఒకేసారి కోయడమే మేలా? ఆగండి. ముందు ₹2,000కి 5 వచ్చేవి, ఇప్పుడు ₹900కి 3 వస్తున్నాయి. అంటే పోయిన ఆ రెండింటికీ మనం ఇంతకుముందు పెడుతూ వచ్చింది ₹1,100, ఒక్కోదానికి ₹550. ఆర్డర్ మీద మిగిలే లాభానికి ₹550 గిట్టుబాటైతే మీరు మిగుల్చుకున్నదేమీ లేదు, వ్యాపారం తగ్గించుకున్నారంతే. గిట్టకపోతే కోత సరైనదే. సగటు సీపీఏ చూస్తే ఈ సంగతి కనబడదు.

అందుకే నా ఓటు ₹350కే. పాత టార్గెట్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి వాల్యూమ్ ఒక్కసారిగా పడిపోయే భయం తక్కువ, ఎక్కడ ఎంక్వైరీలు రాలడం మొదలైందో కూడా తెలుస్తుంది. ఆ పన్నెండు రోజుల్లో యాడ్లు, బడ్జెట్, ల్యాండింగ్ పేజీ ముట్టుకోవద్దు, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. చేతిలో డబ్బు అయిపోతోందంటే మాత్రం ఒకేసారి కోసేయండి, తప్పులేదు.

రెండు రోజులకో ఎంక్వైరీ వచ్చే చిన్న ఖాతాలకు ఈ పోటీయే వద్దు. అక్కడ 50 పడేసరికి మూడు నెలలకు పైనే పడుతుంది. టార్గెట్ తీసేసి, ఉన్న బడ్జెట్‌లో వీలైనన్ని ఎంక్వైరీలు తెచ్చే `Maximize conversions` పెట్టి, బడ్జెట్‌తోనే ఖర్చును అదుపు చేసుకోండి.