ఆరేళ్ల వాడకం తర్వాత: మా కంట్రోలర్‌లో నేను ఎక్కువగా చూసేది టెర్మినల్ ఉష్ణోగ్రత పేజీనే

ఈ టెంపరేచర్ కంట్రోలర్ మా హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్ పానెల్‌లోకి వచ్చి ఆరేళ్లు దాటింది. ఆటో ట్యూనింగ్, అలారాలు, రిలే అవుట్‌పుట్ ఈ తరగతి కంట్రోలర్లన్నిటిలో ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది మెనూలో లోపలెక్కడో ఉన్న ఒక పేజీ గురించి. ఆ పేజీలో ఫర్నేస్ వేడి కనిపించదు. కంట్రోలర్ వెనక, ఫర్నేస్ వేడిని కొలిచే థర్మోకపుల్ వైర్లు బిగించిన టెర్మినళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కనిపిస్తుంది. మొదటి రెండేళ్లు నేను దాన్ని తెరవనే లేదు. ఇప్పుడు కొత్త కంట్రోలర్ ఏది చూసినా ముందు అడిగేది ఆ పేజీ ఉందా అనే.

మూడో ఏడాదిలో ఫర్నేస్ నుంచి పానెల్‌కు వచ్చే కేబుల్ ఒకచోట కాలిపోయింది. పని ఆగకూడదని మా ఎలక్ట్రీషియన్ దగ్గరున్న మామూలు రాగి వైరు, రెండు కోర్లది, సుమారు పన్నెండు మీటర్లు లాగి బిగించాడు. తప్పని అనుకునే సందర్భమే రాలేదు. పొద్దున ఫర్నేస్ ఆన్ చేసేముందు కంట్రోలర్ 30 డిగ్రీలు చూపించింది, షెడ్డులో ఉన్నదీ అంతే. అందరం సంతోషించాం.

రెండు రోజులకు ఆపరేటర్ వచ్చాడు. "సార్, సెట్టింగ్ 800 మీదే ఉంది, డిస్‌ప్లే కూడా 800 దగ్గరే నిలబడుతోంది. కానీ జాబ్ మీద పొలుసు ఎప్పటికన్నా ఎక్కువ లేస్తోంది, రంగు కూడా బాగా వెలుగొస్తోంది" అన్నాడు. అతని కంటిమీద నాకు నమ్మకం ఎక్కువ. పక్కనున్న పోర్ట్‌లోంచి ఇంకో కె టైప్ థర్మోకపుల్ దించి, దాన్ని నేరుగా చేతి మీటర్‌కు పెట్టి చూస్తే 830 వచ్చింది. పెద్ద టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే ఆ రెండు రోజుల జాబులన్నీ అదే వేడిలో వెళ్లిపోయాయి.

మొదట కంట్రోలర్ పాడైందనుకున్నాను. తర్వాత థర్మోకపుల్ ముసలిదైందనుకున్నాను. రెండూ కావు.

థర్మోకపుల్‌లో వోల్టేజ్ కొసన ఉన్న వెల్డులో పుడుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ని. నిజానికి అది వైరు పొడవునా, వేడి మారుతున్న ప్రతి చోటా కొంచెం కొంచెంగా పుడుతుంది. రెండు కాళ్లు రెండు వేర్వేరు లోహాలు కాబట్టి ఒక్కో కాలిలో ఒక్కోలా పుడుతుంది. మనం కొలిచేది ఆ తేడాను. అంటే థర్మోకపుల్ చెప్పేది కొస వేడి కాదు, కొసకూ వైరు చివరకూ మధ్య ఉన్న తేడా మాత్రమే. ఆ చివర ఎంత వేడిగా ఉందో కంట్రోలర్ తన టెర్మినల్ దగ్గరున్న చిన్న సెన్సర్‌తో కొలుచుకుని, దానికి సరిపడా మిల్లీవోల్టులు కలుపుకుంటుంది. కోల్డ్ జంక్షన్ కాంపెన్సేషన్ అంటే ఇంతే. నాకు నచ్చిన పేజీ చూపించేది ఆ సెన్సర్ రీడింగునే.

రాగి వైరు పెట్టినప్పుడు రెండు కోర్లూ ఒకే లోహం. అందులో పుట్టేది రెండు వైపులా సమానం, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దాంతో థర్మోకపుల్ అసలు ముగింపు పానెల్ దగ్గర్నుంచి ఫర్నేస్ పైన థర్మోకపుల్‌కు కేబుల్ కలిసే కనెక్షన్ హెడ్‌కు జరిగిపోయింది. ఆ సంగతి కంట్రోలర్‌కు తెలిసే దారి లేదు, అది తన టెర్మినల్ వేడినే కలుపుతూ పోయింది. మా హెడ్ ఫర్నేస్ గోడకు దగ్గర్లో ఉంటుంది. చేతి మీటర్‌తో చూస్తే 60 ఉంది. పానెల్ టెర్మినల్ 30.

ఆ రోజు కాగితం మీద వేసిన లెక్క ఇది. కె టైప్ పట్టికలో 830 డిగ్రీలకు 34.50 మిల్లీవోల్టులు, హెడ్ ఉన్న 60 డిగ్రీలకు 2.44. కాబట్టి రాగి వైరు గుండా కంట్రోలర్‌కు చేరింది 32.06 మాత్రమే. కంట్రోలర్ 30 డిగ్రీలకు తన వంతు 1.20 కలిపింది, మొత్తం 33.26 అయింది. పట్టికలో 800 డిగ్రీలకు ఉన్నది 33.28. డిస్‌ప్లే 800 దగ్గర నిలబడింది, ఫర్నేస్ లోపల 830 ఉంది. పోయిన ముప్పై డిగ్రీలు హెడ్‌కూ పానెల్‌కూ మధ్య ఉన్న ముప్పై డిగ్రీలే.

పొద్దున సరిగ్గా చూపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అప్పుడు హెడ్ చల్లగా, పానెల్ ఉన్నంతే ఉంటుంది. తేడా లేదు కాబట్టి తప్పు లేదు. ఫర్నేస్ ఎక్కేకొద్దీ హెడ్ వేడెక్కుతుంది, తప్పు కూడా దానితోపాటే పెరుగుతుంది. చల్లటి ఫర్నేస్ మీద చేసే చెకింగ్‌లో ఈ లోపం ఎప్పటికీ దొరకదు. మా ఎలక్ట్రీషియన్ మంచి ఉద్దేశంతోనే ఒక ఉపాయం చెప్పాడు: మెనూలో 30 డిగ్రీల ఆఫ్‌సెట్ పెట్టేద్దామని. పెట్టి చూశాం. మర్నాడు పొద్దున చల్లటి ఫర్నేస్ 60 చూపించింది. హెడ్ వేడి నిలకడగా ఉండనంత కాలం ఏ ఒక్క ఆఫ్‌సెట్టూ దీనికి సరిపోదు.

ఇక ఆ పేజీని ఎలా వాడతానో చెబుతాను. హీటర్ సప్లై ముందు ఆపేస్తాను. ఇది మరవకూడదు, ఎందుకంటే వైరు విప్పి కలపగానే రీడింగ్ పడిపోతుంది, కంట్రోలర్ ఫర్నేస్ చల్లారిందనుకుని హీటర్‌ను పూర్తిగా ఇచ్చేస్తుంది. ఫర్నేస్ ఇంకా వేడిగా ఉండగానే హెడ్ మూత తీసి, థర్మోకపుల్‌ను విప్పి, పానెల్‌కు వెళ్లే రెండు వైర్లనూ అక్కడే చిన్న రాగి ముక్కతో కలుపుతాను. కిందికొచ్చి కంట్రోలర్ ఏమంటుందో, టెర్మినల్ పేజీ ఏమంటుందో రెండూ చూస్తాను. మధ్యలో సరైన ఎక్స్‌టెన్షన్ వైరు, అంటే థర్మోకపుల్ లోహాల జతతోనే చేసిన వైరు, ఉంటే డిస్‌ప్లే హెడ్ వేడి చూపాలి, మా దగ్గరైతే 60. రాగి వైరు ఉంటే టెర్మినల్ పేజీలో ఉన్న 30నే చూపిస్తుంది. ఆ రోజు సరిగ్గా 30 చూపించింది. హెడ్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది, డిస్‌ప్లే మాత్రం షెడ్డు గాలి వేడి చెబుతోంది. అప్పుడు గానీ నాకు అనుమానం తీరలేదు.

మూడో జవాబు కూడా ఒకటుంది. దాన్ని ఐదో ఏడాదిలో చూశాను. ఈసారి అసలైన కె టైప్ ఎక్స్‌టెన్షన్ వైరే వేశారు, కానీ రెండు చివర్లా తిరగేసి బిగించారు. పసుపు, ఎరుపు రంగుల కేబుల్ అది. అమెరికన్ పద్ధతిలో ఎరుపు నెగటివ్. కరెంటు పని చేసే చెయ్యి మాత్రం ఎరుపును పాజిటివ్‌కే తీసుకెళ్తుంది. ఒక్క చివరే తిరగబడితే ఫర్నేస్ వేడెక్కేకొద్దీ రీడింగ్ కిందికి పోతుంది, వెంటనే దొరికిపోతుంది. రెండు చివర్లా తిరగబడితే రీడింగ్ బుద్ధిగా పైకే వెళ్తుంది, కాకపోతే తేడాకు రెట్టింపు తక్కువ చూపిస్తుంది. మా లెక్కలో అసలు 800 ఉంటే 740 చూపిస్తుంది, అంటే రాగి వైరు కన్నా అధ్వాన్నం. హెడ్ దగ్గర రాగి ముక్క పెడితే డిస్‌ప్లే సున్నా దగ్గరికి పడిపోయింది. షెడ్డులో ఏదీ సున్నా డిగ్రీల్లో లేదు కాబట్టి వైరింగ్ తిరగబడిందని అక్కడికక్కడే తేలింది. ఐఈసీ రంగుల్లో ఆకుపచ్చ పాజిటివ్, తెలుపు నెగటివ్. ఇప్పుడు నేను రంగును నమ్మడం మానేసి జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుంటున్నాను. కె టైప్‌లో నెగటివ్ కాలు అయస్కాంతానికి అంటుకుంటుంది, పాజిటివ్ అంటుకోదు.

వైరు పొడవు వల్లే తప్పు వచ్చిందని మా దగ్గర కొందరు ఇప్పటికీ అంటారు. పాత ముల్లు మీటర్ల కాలంలో అది నిజమే, వైరు రెసిస్టెన్స్ ముల్లు కదలికను మార్చేది. ఇప్పటి డిజిటల్ కంట్రోలర్ థర్మోకపుల్ నుంచి దాదాపు కరెంటే తీసుకోదు. అయితే వైరు తెగితే పట్టుకోవడానికి కొన్ని కంట్రోలర్లు తామే కొద్దిగా కరెంటు పంపుతాయి. అది ఒక మైక్రోఆంపియర్ అయి, వైరు మొత్తం వంద ఓములుంటే రెండున్నర డిగ్రీల దాకా తేడా పడుతుంది. మా పన్నెండు మీటర్లలో నాకు అది కనిపించలేదు.

ఆ పేజీని ఇంత పొగిడాక ఒక మాట దాచడం సరికాదు. గతేడాది వరకు అది ఎప్పుడూ తప్పు చెప్పదని కొత్తవాళ్లకు చెప్పేవాణ్ని. పానెల్‌లో హీటర్‌ను నడిపే సాలిడ్ స్టేట్ రిలేను కంట్రోలర్‌కు సరిగ్గా కింద బిగించిన తర్వాత అలా చెప్పడం మానేశాను. రిలే హీట్ సింక్ నుంచి లేచే వేడి గాలి టెర్మినళ్లను తాకుతుంది, లోపలి సెన్సర్‌కు అంతగా తగలదు. టెర్మినల్ స్క్రూ పక్కన చిన్న థర్మామీటర్ కట్టి చూస్తే 42, పేజీలో 38. ఫర్నేస్ రీడింగ్ ఆ నాలుగు డిగ్రీలూ తక్కువ చూపిస్తోంది. ఫ్యాన్ పెడదామని చూస్తే పరిస్థితి తిరగబడింది, చల్లగాలి నేరుగా టెర్మినళ్ల మీద కొట్టి రీడింగ్ ఎక్కువ చూపించింది. చివరికి రిలేను పానెల్ పక్క గోడకు మార్చి, టెర్మినళ్ల మీద ప్లాస్టిక్ మూత పెట్టాక తేడా ఒక డిగ్రీకి దిగింది. అలాగే ఉదయం పవర్ ఇచ్చిన మొదటి అరగంట ఆ పేజీని నేను లెక్కలోకి తీసుకోను, కంట్రోలర్ లోపలి వేడి సర్దుకునేదాకా అది పైకి జరుగుతూనే ఉంటుంది.

మళ్లీ ఇదే కొంటానా అంటే, మా అవసరానికి కొంటాను. మాది కె టైప్, 800 డిగ్రీల పని. రెండో తరగతి థర్మోకపుల్‌కు ఆ వేడి దగ్గర ఆరు డిగ్రీల తేడా మామూలుగానే ఒప్పుకుంటారు, కాబట్టి పేజీలో ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా నాకు నష్టం లేదు. ఒక్క డిగ్రీ కూడా లెక్కపెట్టే ల్యాబ్ అయితే ఈ సెన్సర్ సరిపోదు, వాళ్లు వైరు చివరను ఐస్ బాత్‌లో పెట్టుకోవడమే మేలు. బి టైప్ వాడేవాళ్లకైతే ఈ పేజీతో పనే లేదు, గది వేడి దగ్గర ఆ జత వోల్టేజ్ దాదాపు సున్నా కాబట్టి రాగి వైరైనా పెద్దగా నష్టం చేయదు. కంట్రోలర్‌ను ఫర్నేస్‌కు ఆనించి బిగించి, థర్మోకపుల్ వైరునే నేరుగా టెర్మినల్‌కు తెచ్చుకోగలిగినవాళ్లకు నా కష్టాల్లో సగం ఎదురుకావు. మా పానెల్ మాత్రం పన్నెండు మీటర్ల దూరంలోనే ఉంటుంది, అందుకే కేబుల్ ముట్టుకున్న ప్రతిసారీ హెడ్ వేడిగా ఉండగా ఆ రాగి ముక్క పట్టుకుని నిచ్చెన ఎక్కుతున్నాను.