పులుసుకి అల్యూమినియమా, స్టీలా?

లోపల నల్లబడిన అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు మరిగిస్తే, పులుసు తగిలినంత మేర తెల్లగా మెరుస్తుంది. గిన్నె శుభ్రపడిందని సంబరపడతాం కానీ, ఆ పైపొర కరిగి పులుసులోకే పోయింది. లోహాన్ని కాపాడే ఆక్సైడ్ పొర పులుపుకి నిలవదు. ఉప్పు తోడైతే సన్నటి గుంటలు కూడా పడతాయి. టమాటా పులుపు కాస్త తక్కువే అయినా, గుజ్జు చిక్కబడేదాకా ఉడికిస్తే అదే కథ. మిగిలిన కూరని రాత్రంతా అందులోనే ఉంచేయడం మరీ చెడ్డది, పొద్దున్నకి లోహపు రుచి వచ్చేస్తుంది.

స్టీల్ మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర పులుపుని బాగానే తట్టుకుంటుంది. కొత్త గిన్నె మొదటి కొన్ని వంటల్లో కొద్దిగా నికెల్ వదులుతుంది, తర్వాత బాగా తగ్గుతుంది. నికెల్ అలర్జీ ఉన్నవాళ్లకే ఆ టెన్షన్. స్టీల్‌తో అసలు చిరాకు అడుగంటడం, అందుకే మందపాటి అడుగున్నది కొనాలి. పులుసు వరకు నా ఓటు స్టీల్‌కే. అల్యూమినియం గిన్నెని పారేయక్కర్లేదు, అన్నం వండుకోవచ్చు.