మూడు జాతుల పేర్లా, మలేరియా పటమా?

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్. శ్రీకాకుళం కొండల్లోని గిరిజన పిల్లలకు దాని రక్తపరీక్ష ఎందుకు చేస్తారు? 19వ శతాబ్దపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్యూవియే చేసిన వర్గీకరణ మనుషులను కకేసియన్, మంగోలియన్, ఇథియోపియన్ అని మూడుగా విడదీసింది. ఆ లెక్కను నమ్మినవారు చాలాకాలం సికిల్ సెల్‌ను నల్లజాతి జబ్బుగానే చూశారు. కానీ 1952లో నీలగిరి గిరిజనుల్లోనూ అది బయటపడింది. గ్రీసులోనూ ఉంది. దక్షిణాఫ్రికాలోని నల్లజాతి ఖోసా ప్రజల్లో మాత్రం దాదాపు కనిపించదు.

మలేరియా పటంతో పోల్చి చూడండి, చిక్కు విడిపోతుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క సికిల్ జన్యువు వస్తే అది ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది; ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. అందుకే తరతరాలుగా మలేరియా ఉన్న చోట్ల అది నిలిచింది. వలసల వల్ల ఈ పటమూ పూర్తిగా సరిపోదు. అయినా నేను దీన్నే ఎంచుకుంటాను: జాతి పేరు చూసి పరీక్ష మానేస్తే మన సవర బిడ్డ జబ్బు ఎవరి కంటా పడదు.